జాకెట్ జిప్పులో ఇరుక్కున్న రన్నర్: కోసేయాలా, కోయకుండా తీయాలా?

పచ్చజాకెట్:
జిప్పుకి లోహపు పళ్లు. రన్నర్ సగంలో ఆగిపోయింది, లైనింగ్ బట్ట నలిగి అందులో ఇరుక్కుంది. ఎడమవైపు, రన్నర్‌కి కాస్త పైన, ఒక పన్ను ఒరిగిపోయింది, దాని పక్కది ఊడిపోయింది. ఎలాగూ కొత్త రన్నర్ వేయాలి. పాతదాన్ని కోసేయాలా, లాగి తీయాలా? కోస్తే మిగతా పళ్లు పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది.

నల్లదారం:
కోసేయండి. కటింగ్ ప్లేయర్‌తో రన్నర్ పక్క అంచు పట్టుకుని గట్టిగా నొక్కితే విరుగుతుంది. చాలా రన్నర్లు పోతపోసిన జింక్‌వి, పెళుసుగా ఉంటాయి. లాగుతూ కూర్చుంటే లైనింగ్ చిరుగుతుంది. నేను రోజూ చేసే పనే ఇది.

మూడోగుండీ:
ముందు కొవ్వొత్తి రుద్ది చూడండి.

సూదిమొన:
నల్లదారం గారూ, పక్క అంచు మాత్రం వద్దు. జిప్పు పట్టీ బయటికి వచ్చేది ఆ అంచు సందులోంచే. ప్లేయర్ మొన అక్కడ పెడితే లోహంతో పాటు పట్టీ కూడా తెగుతుంది. కోయక తప్పకపోతే ముందువైపు కోయాలి. రెండు పట్టీలు విడివిడిగా లోపలికి వెళ్లే చోట, మధ్యలో పై రేకునీ కింది రేకునీ కలిపే చిన్న దిమ్మ ఉంటుంది. ప్లేయర్ రెండు మొనలూ చెరో రంధ్రంలోంచి దూర్చి ఆ దిమ్మని నొక్కితే రేకులు విడిపోతాయి. పళ్లు అటూ ఇటూ ఉంటాయి కాబట్టి వాటికి దెబ్బ తగలదు. ముక్క ఎగురుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి.

కానీ పచ్చజాకెట్ గారూ, ఒక్కటి చెప్పండి. ఎడమ పట్టీ కింది చివర ఏముంది, డబ్బానా, అందులో దూరే పిన్నా?

పాతసంచి:
నాదీ ఇదే గొడవ. వీపు సంచికి నైలాన్ చుట్టల జిప్పు, రెండు రన్నర్లు. ఒకటి జరుపుతుంటే వెనక పళ్లు విచ్చుకుపోతున్నాయి. ఇంతకుముందు ఇంకో సంచిని కుట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే రన్నర్ కోయబోయి పట్టీనే కోసి, జిప్పు మొత్తం మార్చాలన్నారు. డబ్బులు నేనే కట్టుకోవాల్సి వచ్చింది. అందుకే కోయడం అనే మాట ఎత్తకండి.

నల్లదారం:
మీది నైలాన్, వీరిది లోహం. రెండూ కలపకండి. పైగా ఎవరో చేతకానివాళ్లు కోశారని కోతనే తప్పుపడితే ఎలా?

పచ్చజాకెట్:
ఎడమవైపు పిన్ను. డబ్బా కుడివైపు.

సూదిమొన:
అయితే మీ పని సగం తేలిక. రన్నర్ ఉండేది డబ్బా ఉన్న పట్టీ మీద, అంటే కుడి పట్టీ మీద. ఒరిగిన పన్ను ఎడమ పట్టీది. రన్నర్‌ని పైకి కాకుండా కిందికి తెచ్చి, పిన్ను బయటికి లాగేస్తే రన్నర్ కుడి పట్టీ మీదే ఉండిపోతుంది. అప్పుడు కుడి పట్టీ పై చివరన ఉన్న స్టాపర్ తీసి, రన్నర్‌ని పైనుంచి జార్చేయొచ్చు. ఒరిగిన పన్నుని అది దాటనే అక్కర్లేదు.

అడ్డం ఒక్క లైనింగే. రన్నర్‌కి వేలాడే నాలుకని నిలువుగా ఎత్తి పట్టుకోండి. పడుకోబెట్టి ఉంచితే లోపలి చిన్న ముల్లు పళ్ల మధ్య దిగి ఎటూ కదలనివ్వదు. ఒక చేత్తో బట్టని పక్కకి, మెల్లగా, మడత విప్పినట్టు లాగుతూ రెండో చేత్తో రన్నర్‌ని వెనక్కి జరపండి. కదలకపోతే రన్నర్ వెనక నోట్లో, అంటే పళ్లు కలిసి బయటికొచ్చే వైపు, చిన్న స్క్రూడ్రైవర్ మొన పెట్టి కొద్దిగా తిప్పండి. రేకుల మధ్య సందు వెంట్రుకవాసి పెరిగితే చాలు, బట్ట వదులుతుంది. నూనె మాత్రం వేయకండి, లైనింగ్‌కి మరక అంటుకుంటుంది.

నల్లదారం:
స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే ఆ రన్నర్ పని అక్కడితో సరి. సందు పెరిగాక పళ్లు కలవవు. తిరిగి నొక్కితే జింక్ పగులుతుంది. పాడయ్యే రన్నర్ మీద ఇంత సేపు ఎందుకు? కోసి పారేస్తే నిమిషంలో అయిపోయేది. మీరు ఊరికే పని పెంచుతున్నారు.

సూదిమొన:
పని పెంచేది నేనా? పక్క అంచు కోయమని చెప్పి పట్టీకి ఎసరు పెట్టింది మీరు! రన్నర్ మళ్లీ కొనుక్కోవచ్చు. పట్టీ జాకెట్‌కి కుట్టేసి ఉంటుంది, అది తెగితే కుట్లన్నీ విప్పాల్సిందే.

మూడోగుండీ:
ఇద్దరూ కాస్త నెమ్మదిగా. అడిగిన మనిషి జాకెట్ ఇంకా చేతిలో పట్టుకునే ఉన్నారు.

నల్లదారం:
సరే, ముందువైపు కోయడం మంచిదే, ఒప్పుకుంటాను. కానీ అసలు నా బాధ వేరు. పాత రన్నర్ క్షేమంగా బయటికొస్తే జనం దాన్నే నొక్కి మళ్లీ ఎక్కిస్తారు. అరిగిన రన్నర్‌లో సందు సమంగా ఉండదు. పన్ను వంకరగా లోపలికెళ్లి ఒరుగుతుంది, చివరికి ఊడుతుంది. తర్వాత పళ్లు పోయిన జిప్పు నా ముందు పెట్టి బాగుచేయమంటారు. కోసేస్తే ఆ ఆశ ఉండదు.

సూదిమొన:
ఇప్పుడు అర్థమైంది. నేను దాన్ని కోయకుండా తీయమన్నది మళ్లీ వాడటానికి కాదు, కొత్తది కొనేటప్పుడు నమూనాగా చూపించడానికి. చాలా రన్నర్ల వెనక అంకె ఉంటుంది. 5 అని ఉంటే మూసిన పళ్ల వెడల్పు దాదాపు 5 నుంచి 6 మిల్లీమీటర్లు. కానీ అంకె ఒకటే అయినంత మాత్రాన సరిపోదు. లోహపు పళ్ల రన్నర్, నైలాన్ రన్నర్ లోపలి ఆకారం వేరు. పాతది విరిగి అంకె ఉన్న ముక్క ఎక్కడో ఎగిరిపోతే ఇక ఊహించి కొనాలి.

నల్లదారం:
అంకె ముందే రాసుకుంటే పోయేది. ఈ విషయంలో నా మాట నాదే.

పచ్చజాకెట్:
స్క్రూడ్రైవర్‌తో బట్ట వదిలింది, రన్నర్ కిందికి వచ్చింది. వెనక 5 ఉంది. పళ్ల సంగతి ఏమిటి?

సూదిమొన:
ఒరిగినదాన్ని సన్నటి నోస్ ప్లేయర్‌తో పట్టి, పట్టీకి అడ్డంగా నిలబడేలా తిప్పండి. పట్టీ అంచున తాడులాంటి మందపాటి కుట్టు ఉంటుంది. పన్ను రెండు కాళ్లూ దాన్నే పట్టుకుంటాయి. వదులుగా ఉంటే కాళ్లని కొంచెం కొంచెంగా నొక్కండి. ఒక్కసారి గట్టిగా నొక్కితే తాడు తెగుతుంది.

ఊడిన చోటికి అదే పట్టీ పై చివరి పన్ను తీసి పెట్టొచ్చు. ఎడమ స్టాపర్ తీసి, పన్ను కాళ్లు విప్పి, ఖాళీలో ఎక్కించి నొక్కండి. పన్ను తలమీద చిన్న బొడిపె ఉంటుంది. అది పక్క పళ్ల బొడిపెలున్న వైపే ఉండాలి. తర్వాత రన్నర్ లేకుండానే ఆ చోట రెండు వరసలూ వేళ్లతో కలిపి చూడండి. కుడి పన్ను సరిగ్గా రెండు ఎడమ పళ్ల మధ్య కూర్చోవాలి. కూర్చోకపోతే ఇంకా సర్దాలి.

అది అయ్యాక కొత్త రన్నర్‌ని కుడి పట్టీ పైనుంచి, వెనక నోరు కిందికి ఉండేలా ఎక్కించి డబ్బా దాకా దింపండి. పిన్ను మామూలుగా దూర్చి, నెమ్మదిగా పైకి లాగి చూడండి. సరిగ్గా వస్తే స్టాపర్లు తిరిగి బిగించండి. ఎడమవైపు ఒక పన్ను తగ్గింది కాబట్టి అక్కడి స్టాపర్ ఒక పన్ను కిందికి రావాలి. స్టాపర్ విరిగిపోతే చివరి పన్ను పైన గట్టి దారంతో నాలుగైదు చుట్లు కుట్టండి.

పాతసంచి:
నా నైలాన్‌కి కూడా ఇలాగే పన్ను మార్చొచ్చా?

నల్లదారం:
మార్చలేరు. అది ఒకే తీగ చుట్ట, విడి పళ్లు ఉండవు. చుట్ట తెగకపోతే రన్నర్ మారిస్తే సరిపోతుంది. సంచిలో కుట్టేసిన చివర కొంచెం విప్పి అటునుంచి ఎక్కించాలి.

పచ్చజాకెట్:
పన్ను కూర్చుంది, కొత్త రన్నర్ పైదాకా వచ్చింది. కానీ ఆ చోట పట్టుకుని పక్కకి లాగితే కొంచెం విచ్చుకుంటోంది.

సూదిమొన:
పెట్టిన పన్నుకీ పైదానికీ మధ్య దూరం, మిగతా పళ్ల మధ్య దూరంతో పోల్చి చూడండి. బహుశా అర పన్ను పైకి జరిగి ఉంటుంది.

నల్లదారం:
లేదా కొత్త రన్నరే వదులుగా ఉండొచ్చు. పైన, కింద కూడా లాగి చూడండి. అక్కడ విచ్చుకోకుండా ఆ ఒక్క చోటే అయితే పన్నుదే తప్పు.