పావుగంట లెక్క: ప్రతి పనికా, రోజు మొత్తానికా?

నేను గంటల లెక్కన అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ సలహాలు ఇస్తాను, గంటకు 2,000 రూపాయలు. కొత్త క్లయింటుతో ఒప్పందంలో 'సమయాన్ని పావుగంటకు పైకి సవరిస్తాం' అని మాత్రమే ఉంది. ఏ దశలో సవరించాలో లేదు. మొదటి బిల్లు ఇంకా పంపలేదు.

ఒక రోజు పని చూడండి: 7 నిమిషాల ఫోను, 22 నిమిషాల ఈమెయిళ్లు, 50 నిమిషాల రిపోర్టు సవరణ, 11 నిమిషాల మరో ఫోను. ఉన్నదున్నట్టు కూడితే 90 నిమిషాలు, అంటే 3,000 రూపాయలు. ప్రతి పనినీ విడిగా పైకి సవరిస్తే 15, 30, 60, 15 కలిసి రెండు గంటలు, 4,000 రూపాయలు. చిన్న పనులు ఎక్కువైనకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. రోజు మొత్తాన్ని ఒక్కసారే సవరించడమే న్యాయమని నాకు అనిపిస్తోంది. కానీ ఫోను వచ్చిన ప్రతిసారీ చేతిలో పని ఆగిపోతుంది, ఆ నష్టం ఎవరు భరించాలి?

టైమ్‌షీటులో తేదీ, చేసిన పని, అసలు నిమిషాలు, బిల్లు గంటలు విడివిడి గడుల్లో చూపాలనుకుంటున్నాను. గంటన్నరను 1.30 అని రాస్తే 1.3తో గుణించే ప్రమాదముంది కాబట్టి 1.5 అనే రాస్తాను. అసలు నిమిషాలు చూపితే క్లయింటుకు నమ్మకం పెరుగుతుందా, ప్రతి వరుస మీదా బేరం మొదలవుతుందా? ఒప్పందంలో ఈ నియమాన్ని మీరు ఏ మాటల్లో రాస్తున్నారో దయచేసి చెప్పండి.