రెండు డయాగ్నోసిస్‌లకూ 92 శాతం అగ్రిమెంటే, కానీ ఒకదాని కప్పా 0.84, ఇంకోదాంది 0.46 – మెథడ్స్‌ల ఎట్ల రాయాలె?

హన్మకొండ పీజీ
థీసిస్ మెథడ్స్ రాస్తున్న. 50 మంది పేషెంట్లకు నేను మినీ ఇంటర్వ్యూ చేసిన, ఇంకో సైకియాట్రిస్ట్ వీడియో చూసి విడిగా రేటింగ్ ఇచ్చిండు. డిప్రెషన్‌ల ఇద్దరం ఉన్నదన్నవి 22, ఇద్దరం లేదన్నవి 24, కలవనివి 4. బైపోలార్‌ల ఉన్నదన్నవి 2, లేదన్నవి 44, కలవనివి 4 (రెండింట్లనూ అటు రెండు ఇటు రెండు). మా గైడ్ బైపోలార్ కప్పా తీసెయ్యమంటున్నడు. తీసెయ్యాల్నా? రేటర్ ట్రెయినింగ్ గురించి ఎంత రాయాలె? 50 సరిపోతదా?

కరీంనగర్ రీసెర్చర్
గిదే గోస నేను పడ్డ తమ్మీ, రివ్యూయర్ 0.4 చూసి పేపర్ వాపస్ పంపిండు. పాబాక్ పెట్టు. రెండు ఇంటూ 0.92 మైనస్ ఒకటి, 0.84 వస్తది, రెండు డయాగ్నోసిస్‌లకూ ఒకటే నంబర్, లొల్లి లేదు.

స్టాట్స్ మేడం
రెండిటికీ ఒకటే నంబర్ వస్తున్నదంటేనే ఆలోచించాలె కదా. పదిహేనేండ్ల నుంచి పీజీల థీసిస్‌లు చూస్తున్న, ఈ టేబుల్ కొత్తది కాదు. బైపోలార్‌ల ఇద్దరూ చెరి నలుగురికి ఉన్నదన్నరు, 46 మందికి లేదన్నరు. చూడకుండ అదే లెక్కల ఉన్నది లేదు అని రాసుకుంట పోయినా 85 శాతం కలుస్తయి. డిప్రెషన్‌ల అట్ల కలిసేది 50 శాతమే.

```
బైపోలార్: (0.92 - 0.853) / (1 - 0.853) = 0.46
డిప్రెషన్: (0.92 - 0.501) / (1 - 0.501) = 0.84
```

ఫైన్‌స్టైన్, చికెట్టి 1990లనే ఈ సంగతి రాసిన్రు. కప్పా తీసెయ్యకు, పక్కన పాజిటివ్ అగ్రిమెంట్, నెగటివ్ అగ్రిమెంట్ విడివిడిగ రాయి. నీ బైపోలార్‌ల నెగటివ్ 0.96, పాజిటివ్ 0.50 మాత్రమే. అంటే బైపోలార్ లేదు అని చెప్పుడు ఇద్దరికీ వచ్చు, ఉన్నది అని చెప్పుట్ల సగం తేడా. పాబాక్ 0.84 రాస్తే ఆ తేడా దాగిపోతది.

కరీంనగర్ రీసెర్చర్
మేడం, దాచమని నేను అన్లే. రివ్యూయర్లు ల్యాండిస్, కాక్ టేబుల్ పట్టుకొని 0.46 అంటే మాడరేట్, వద్దు అంటరు, మేం ఏం చెయ్యాలె? మీకు కుర్చీల కూసోని చెప్పుడు తేలికే.

స్టాట్స్ మేడం
1977ల వాళ్లు ఆ గీతలు తమంతట తాము గీసుకున్నరు, అవి అర్బిట్రరీ అని వాళ్లే రాసిన్రు. రివ్యూయర్‌కు 2x2 టేబుల్ చూపెట్టు, కోపం నా మీద కాదు. పాబాక్ రాస్తే రాయి గని కప్పా పక్కన రాయి, దాని జాగల కాదు.

నర్సింగ్ స్కాలర్, కాజీపేట
నాది కూడా ఇదే ప్రాబ్లం అక్కా, ఇద్దరం హామిల్టన్ స్కోర్ వేసినం, నాకు 18 ఆమెకు 19 వస్తే కప్పా డిసగ్రిమెంట్ అంటున్నది, మొత్తం కప్పా 0.1 వచ్చింది.

స్టాట్స్ మేడం
అది వేరే ముచ్చట. టోటల్ స్కోర్‌కు ఐసీసీ చెయ్యాలె. వేరే థ్రెడ్ పెట్టు.

సైకియాట్రిక్ సోషల్ వర్కర్
అందరూ 0.46 మీద పడ్డరు గని నాకు అనుమానం 0.84 మీదనే. మినీల స్క్రీనింగ్ ప్రశ్నలకు పేషెంట్ లేదంటే ఆ మాడ్యూల్ దాటేస్తం. అడగని ప్రశ్న వీడియోల ఉండదు, రెండో ఆయన ఆడ లేదు అనక ఏమంటడు? ఆ 24, 44 లల్ల ఇట్ల వచ్చినయి ఎన్నో చూసినవా? డీఎస్‌ఎం-5 ఫీల్డ్ ట్రయల్స్‌ల ఇద్దరు డాక్టర్లు అదే పేషెంట్‌ను విడివిడిగ ఇంటర్వ్యూ చేస్తే డిప్రెషన్ కప్పా 0.28 వచ్చింది. వీడియోతోని వచ్చిన నంబర్‌ను దాంతోని పోల్చొద్దు.

కరీంనగర్ రీసెర్చర్
అక్కా, మన ఓపీల పేషెంట్‌ను రెండోసారి రమ్మంటే ఎవరొస్తరు, ములుగు నుంచి బస్సు ఎక్కి వచ్చేటోళ్లు! వీడియోనే దిక్కు.

సైకియాట్రిక్ సోషల్ వర్కర్
వీడియో తప్పు అన్లేదు. రికార్డింగ్ మీద రేటింగ్ అయ్యింది, స్కిప్ రూల్ పాటించినం, ఒకరి రేటింగ్ ఇంకొకరికి తెల్వదు అని రాయమంటున్న. ఇద్దరూ మాట్లాడుకొని కేస్ తేల్చుకున్నంక కప్పా తియ్యలేదు కదా? అట్ల తీసిన థీసిస్‌లు నేను చూసిన, 1.00 వస్తది.

హన్మకొండ పీజీ
లేదక్కా, మాట్లాడుకోకముందే షీట్లు లాక్ చేసినం. బైపోలార్ నాలుగు తేడాలు మళ్ల చూసిన, అందుల రెండు తేడాలు రోజుల సంఖ్య కాడ్నే. పేషెంట్ నాలుగైదు రోజులు నిద్ర లేకుంట పని చేసిన అంటడు, హైపోమేనియాకు నాలుగు రోజులు చాలు కాబట్టి నేను ఉన్నదని పెడ్తే ఆయన మధ్యల నిద్రపోయిన రోజు తీసేసి లేదన్నడు.

స్టాట్స్ మేడం
ఇది డిస్కషన్‌ల తప్పకుండ రాయి. కప్పా పక్కన 95 శాతం ఇంటర్వల్ కూడా పెట్టు. మామూలు ఫార్ములాతోని బైపోలార్‌ది సున్నా కింద నుంచి 0.97 దాకా పోతది, 50 మందిల నలుగురే ఉంటే అంతే.

హన్మకొండ పీజీ
గైడ్‌కు టేబుల్ చూపెట్టిన మేడం, ఇంటర్వల్ ఇంత వెడల్పు ఉంటే అస్సలే పెట్టొద్దు అంటున్నడు ఇప్పుడు. స్కిప్ అయిన మాడ్యూళ్లు తీసేసి ఇంకోసారి కప్పా చెయ్యొచ్చా?

సైకియాట్రిక్ సోషల్ వర్కర్
చెయ్యి, గని రెండూ రాయి. అడిగిన మాడ్యూళ్లే మిగిలితే లేదన్నవి తగ్గుతయి, కప్పా కూడా మారుతది, ఎటు పోతదో నీ షీట్లు చూడకుంట నేను చెప్పలేను.