మార్చిన ముఖానికి వెలుగు: ఒక్క దిశ చాలా, తొమ్మిది సంఖ్యలూ కావాలా?

కంపోజిటర్_కిరణ్: షార్ట్ ఫిల్మ్‌లో ఫైట్ డూప్ ముఖం మీద హీరో ముఖం పెడుతున్నాం. చుట్టూ ఉన్న వెలుగును కొన్ని సంఖ్యల్లోకి కుదించే స్ఫెరికల్ హార్మోనిక్స్‌తో డూప్ ముఖం నుంచి 9 సంఖ్యలు తీసి, వాటిలోంచి లైటు దిశ ఒక్కటే వాడాను. హీరో ముక్కు వెలుగుతోంది, చెంపలు నల్లబడ్డాయి. డూప్ షాట్‌లో దీనికి సరిగ్గా ఉల్టా. దిశ చాలదా?

పద్మజ: సెట్లో లైట్లు ఎన్ని?

కంపోజిటర్_కిరణ్: రెండు. అటొకటి, ఇటొకటి, దాదాపు పక్క నుంచి.

పద్మజ: అయితే తప్పు అక్కడే ఉంది. ఆ తొమ్మిదీ సున్నా, ఒకటి, రెండు అనే బ్యాండ్లుగా ఉంటాయి. దిశ చెప్పేవి మొదటి బ్యాండ్‌లోని మూడు సంఖ్యలు. కుడి లైటూ ఎడమ లైటూ వాటిలో ఒకదాన్నొకటి కొట్టేసుకుని, చివరికి బాణం నేరుగా ఎదురుకే చూపిస్తుంది. అందుకే ముక్కు వెలిగింది. రెండు పక్కలా వెలుగు ఉందన్న సంగతి రెండో బ్యాండ్‌లో ఉంటుంది, మీరు పారేసింది దాన్నే. తొమ్మిదింటితోనూ డూప్ లైటింగ్ కట్టండి. హీరో ముఖాన్ని దాని పాత షేడింగ్‌తో భాగించి, కొత్త షేడింగ్‌తో గుణించండి. అంతకుముందు రెండు ఫొటోల గామా తీసేయాలి, లేకపోతే నీడలన్నీ అబద్ధం చెబుతాయి.

సతీష్_3డి: 9 ఎందుకు, 25 తీసుకుంటే ఇంకా బాగుంటుంది కదా. ముక్కు నీడ కూడా వచ్చేస్తుంది.

పద్మజ: రాదండీ. మెరుపు లేని చర్మం వెలుగును బాగా అలికేస్తుంది, మూడో బ్యాండ్ దాని మీద పూర్తిగా సున్నా. 9తోనే సగటు తప్పు 1 శాతం దగ్గర ఉంటుందని రామమూర్తి, హన్రహాన్ 2001లోనే చూపించారు. ముక్కు నీడ అంచు పదునుగా ఉంటుంది కాబట్టి దాన్ని 3డి ముఖం మీద విడిగా వేసుకోవాలి. లెక్క కట్టేటప్పుడు ఆ నీడనీ, నుదుటి జిడ్డు మెరుపునీ మాస్క్ చేయండి.

ఆల్బమ్_అనిత: నేను పెళ్లి గ్రూప్ ఫొటోల్లో కళ్లు మూసుకున్నవాళ్ల ముఖాలు మారుస్తుంటాను. కలర్ మ్యాచ్ చేస్తే చాలు, ఇంత లెక్కెందుకు?

సతీష్_3డి: అనిత గారూ, మీవి ఒకే స్టేజీ, ఒకే లైట్లు. రంగు కలిస్తే సరిపోతుంది. ఆయనకి వెలుగు పడే వైపే వేరు.

ఆల్బమ్_అనిత: అదీ నిజమే. ఒకసారి పెదనాన్నగారి ముఖం అద్దంలోలా తిప్పి పెట్టాను, ఆయనొక్కరికే లైటు అవతలి నుంచి పడ్డట్టు వచ్చింది!

కంపోజిటర్_కిరణ్: తొమ్మిదీ వాడితే చెంపలు సరిపోయాయి, థాంక్స్. ఇంకో షాట్‌లో ఒకటే లైటు, 45 డిగ్రీల పక్కన. అక్కడ పక్క సంఖ్య x = 0.62, ఎదురు సంఖ్య z = 0.31 వచ్చాయి. `atan2(0.62, 0.31)` అంటే 63 డిగ్రీలు. ఇదెక్కడి గోల?

పద్మజ: కెమెరాకి ముఖం ముందు సగమే కనబడుతుంది. ఆ సగం మీద z ఎక్కడా మైనస్‌లోకి పోదు కాబట్టి దాన్నీ మామూలు చుట్టు వెలుగునీ విడదీయడం కష్టం. లీస్ట్ స్క్వేర్స్ ఎదురు వెలుగులో కొంత చుట్టు వెలుగు ఖాతాలో వేసేసింది, z తగ్గింది, కోణం పెరిగింది. సంఖ్యలు అతిగా పోకుండా పట్టి ఉంచే రెగ్యులరైజేషన్ కొద్దిగా వేయండి. డూప్ తల తిప్పిన ఫ్రేములుంటే అన్నీ కలిపి ఒకేసారి లెక్క కట్టండి.

సతీష్_3డి: రెగ్యులరైజేషన్ ఎక్కువైతే లైటింగ్ చప్పబడుతుంది. సెట్లో బూడిద రంగు బంతి పెట్టి ఒక ఫ్రేము తీసుకుంటే చర్మం రంగు గొడవా పోతుంది.

పద్మజ: బంతికీ వెనక సగం కనబడదు కదా. చర్మం రంగు గురించి మాత్రం ఒప్పుకుంటాను.

కంపోజిటర్_కిరణ్: షూటింగ్ అయిపోయింది సార్, బంతి లేదు. తల తిప్పిన ఫ్రేములు 12 ఉన్నాయి, వాటితో చూస్తాను.