లింకన్ చెప్పిన ‘మరిచిపోలేదు’ను తెలుగులో ఎలా పలకాలి?

న్యూజెర్సీ నుంచి ఒకరు: మా తెలుగు బడిలో పదేళ్ల అమ్మాయి లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగం తెలుగులో చెప్పాలి. నేను రాసిచ్చిన వాక్యం ఇది: “మేము ఇచ్చట పలికిన మాటలను ప్రపంచము గమనింపదు, చిరకాలము స్మరింపదు; కానీ వారు ఇచ్చట గావించిన దానిని ఎన్నటికీ మరువజాలదు.” పిల్ల నోట్లో ఇది రాళ్లు నమిలినట్టుంది.

తెనాలి నుంచి: ‘ఇచ్చట’ తీసి ‘ఇక్కడ’, ‘గావించిన’ తీసి ‘చేసిన’ పెట్టండి. అంతే, అయిపోయింది.

అనువాదాలు చేసే ఒకావిడ: అంతతో అవదండీ. ముందు ఆ ‘మేము’ తప్పు. 1863 నవంబర్ 19న, యుద్ధంలో చనిపోయినవాళ్ల శ్మశానం అంకితం చేసే సభలో, ఎదురుగా ఉన్న జనాన్ని కూడా కలుపుకుని మాట్లాడాడాయన. అంటే ‘మనం’. ‘మేము’ అంటే వేదిక మీదివాళ్ల సంగతి అయిపోతుంది.

రెండోది ఇంకా చిక్కు. ‘మరువజాలదు’ని ‘మరిచిపోలేదు’ అని మార్చారనుకోండి. వినేవాళ్లకి ‘ఇంకా గుర్తుంది’ అని జరిగిపోయినదానిలా వినిపిస్తుంది. కాగితం మీద వెనక్కి వెళ్లి చదువుకోవచ్చు, చెవికి ఆ వీలు లేదు. నేనైతే ఇలా రాస్తాను: “మనం ఇక్కడ ఏం మాట్లాడామో లోకం పెద్దగా పట్టించుకోదు. ఎక్కువ కాలం గుర్తుపెట్టుకోదు కూడా. కానీ వాళ్లు ఇక్కడ చేసింది మాత్రం, ఎన్నటికీ మరిచిపోదు.” ‘లేదు’ ఎగిరిపోయింది, ‘దు’ మూడుసార్లు వచ్చింది. పిల్లకి ఊపిరి పీల్చుకునే చోట్లు కూడా దొరికాయి.

కరీంనగర్ నుంచి: మా నాన్న రిటైర్మెంట్ ఫంక్షన్‌ల నేను ఇంగ్లీష్‌లనే చదివిన, అందరూ చప్పట్లు కొట్టిన్రు. తెలుగు చేసుడు ఎందుకు?

అడిగినవారు: తెలుగు బడి కదా అన్నా! ‘మరిచిపోదు’ బాగుంది, కానీ ‘మరిచిపోవడం చేతకాదు’ అన్న భావం పోలేదా?

అనువాదకురాలు: కొంచెం పోయింది. ‘మరిచిపోవడం దాని తరం కాదు’ అంటే భావం నిలుస్తుంది, లయ పోతుంది. నేను లయ వైపే మొగ్గుతాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

తెనాలి నుంచి: చివరి వాక్యం సంగతేంటి? ‘ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు’ బళ్లో బట్టీ పట్టాం.

అనువాదకురాలు: ఆ ‘యొక్క’ ఎవరి నోటా రాదు. ‘ప్రజలదే, ప్రజలే నడిపేది, ప్రజల కోసమే ఉండేది’ అనొచ్చు. ఇబ్బందల్లా ఒకటే. పాత మాట విన్న చెవులు దాన్నే వెతుక్కుంటాయి. పిల్లతో రెండూ చదివించి చూడండి.

అడిగినవారు: చదివించాను. ‘యొక్క’ దగ్గర నవ్వేసింది. వాళ్ల తాతయ్య మాత్రం అదే ఉంచమంటున్నారు.