‘వారు’ అంటే ఎవరు? పేరా సరిచేయడానికి సాయం కావాలి

మాది ఒడిశాలోని పర్లాకిమిడి ప్రాంతం. చెరువు మరమ్మతు కోసం తెలుగులో ఒక అర్జీ రాశాను. దాన్ని ఒడియాలోకి మార్చే మిత్రుడు ఈ పేరా దగ్గర ఆగిపోయాడు:

‘గట్టు తెగి కాలువ పూడిపోయింది. దీన్ని సర్పంచ్ గారికి చెప్పాం. సర్పంచ్ గారు ఇంజనీరు గారిని కలిశారు. వారు తమ నిధులతో చేయిస్తామన్నారు. ఇది జరగక దాని కింది పొలాలు ఎండుతున్నాయి.’

‘దీన్ని’ బదులు ‘ఈ నష్టాన్ని’, ‘ఇది’ బదులు ‘ఈ మరమ్మతు’, ‘దాని’ బదులు ‘కాలువ’ అని రాశాను. అక్కడికి తేలిపోయింది. చిక్కంతా ‘వారు’ దగ్గరే. అది సర్పంచ్‌కు గౌరవమా, ఇంజనీరుకా, ఇద్దరినీ కలిపి చెప్పిందా? నిజానికి మాట ఇచ్చింది ఇంజనీరు.

‘ఆయన’ అని మార్చినా ఇద్దరూ మగవారే కాబట్టి ఫలితం లేదు. ‘తానే చేయిస్తానన్నారు’ అంటే, అన్నది ఎవరో తెలిస్తేనే ‘తాను’ ఎవరో తెలుస్తుంది. రెండు వాక్యాలనూ ‘కలిసి’ అని ముడివేస్తే మాట ఇచ్చింది సర్పంచ్ అయిపోతున్నారు. ‘కలవగా’ అంటే కొంత నయం, చదివేవారి చూపు ఇంజనీరు వైపు మళ్లుతుంది. అయినా మిత్రుడికి అనుమానం తీరలేదు. పోనీ ‘ఇంజనీరు గారు’ అని మళ్లీ రాస్తే, అర్జీలో ఈ పేరా తర్వాతి వాక్యాల్లోనూ ఆయనే ఉన్నారు కాబట్టి అర్జీ అంతా ‘గారు’లతో నిండిపోతోంది. అర్జీ కాబట్టి ‘గారు’ తీసేయలేను.

మర్యాద తగ్గకుండా, హోదాను ప్రతి వాక్యంలో తిరిగి రాయకుండా, మాట ఇచ్చింది ఇంజనీరేనని తేలేలా ఆ రెండు వాక్యాలను మీరైతే ఎలా రాస్తారు?