నలభై మంది ఉంటేనే కన్నడ బడి: ఇది హక్కా, పక్షపాతమా?

కర్నూలు కుర్రోడు: మా అత్తగారి ఊరు రాయదుర్గం పక్కన. అక్కడ కన్నడ మీడియం బడిలో 41 మంది పిల్లలకు ముగ్గురు టీచర్లు ఉన్నారు. మా ఊరి తెలుగు బడిలో 60 మందికి ఇద్దరే. పౌరులందరూ సమానమైనప్పుడు భాషను బట్టి వేరే బడి ఎందుకు? అందరికీ ఒకే బడి చాలదా?

సరిహద్దు పంతులు: నేను ఆ ప్రాంతంలోనే పనిచేసి రిటైరయినాను నాయనా. రాయదుర్గం, ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు వచ్చినాయి, బళ్లారి అటు పోయింది. జనం ఎక్కడున్నోళ్లు అక్కడే ఉన్నారు, గీత మారిందంతే. అందరికీ ఒకే తెలుగు బడి పెడితే, ఆ ఊరి కన్నడ పిల్లోడు ఒకటో తరగతిలో కూర్చుని టీచరమ్మ చెప్పే ఒక్క ముక్కా అర్థం కాక కిటికీలోంచి చూస్తా ఉంటాడు. పక్కన తెలుగు పిల్లోడు ఇంటి మాటలోనే చదువుకుంటాడు. ఇద్దరికీ బడి ఒకటే, చదువు మాత్రం ఒకటి కాదు. తెలుగువాళ్ల హక్కు ఎవురికీ కనపడదు, ఎందుకంటే అది ఎక్కువమంది హక్కు. బళ్లారిలో ఉన్న మన తెలుగు పిల్లల గురించి ఇదే ప్రశ్న వేసుకోండి.

మీడియం మస్తాన్: కరెక్టు సార్. రాజ్యాంగం 30వ అధికరణ ప్రకారం మైనారిటీలకు ప్రభుత్వమే బడి పెట్టించి తీరాలి. ఇందులో చర్చే లేదు.

సరిహద్దు పంతులు: సగమే నిజం బాబూ. 30 చెప్పేది వాళ్లు సొంతంగా బడి పెట్టుకుని నడుపుకునే హక్కు. సర్కారు బడి సంగతి 350ఎలో ఉంది, 1956లో చేర్చినారు. అదీ ‘తగిన సదుపాయాలకు కృషి చేయాలి’ అనే మాటే. లెక్క మాత్రం 1949లో విద్యామంత్రుల సమావేశంలో పెట్టింది: తరగతిలో పది మంది, లేదా బడి మొత్తంలో నలభై మంది ఉంటే ఆ భాష టీచర్ను పెట్టాలి. ఆ ఊరి బడినే తీసుకోండి. ఒకటి నుంచి ఐదు దాకా 11, 9, 8, 7, 6 అనుకుందాం, మొత్తం 41. పది దాటింది ఒక్క తరగతే, కానీ బడి మొత్తం నలభై దాటింది కాబట్టి అన్ని తరగతులకూ నిలుస్తుంది. పై తరగతుల్లోంచి ఇద్దరు పిల్లలు పోతే 39. అప్పుడు ఆ లెక్క ప్రకారం ఒకటో తరగతి పిల్లలకే గట్టి ఆధారం మిగులుతుంది.

పల్లె అమ్మ: ఆ ఇద్దరిలో మా పాప ఒకతి సార్. మాది అట్లాంటి ఊరే, మేమూ కన్నడమే మాట్లాడతాం. పాపను రెండో తరగతి నుంచి తెలుగు బడిలో వేద్దామని టీసీ అడిగితే, ఊరి పెద్దలు ఇంటికొచ్చి కూర్చున్నారు. ‘నీ బిడ్డ పోతే బడి మూతపడుతుంది, మన భాషకు ద్రోహం చేయొద్దమ్మా’ అన్నారు. రేపు ఆమెకు ఉద్యోగం వచ్చేది ఈ రాష్ట్రంలోనే కదా? నెల రోజులు టీసీ చేతికి రాలేదు. హక్కు ఊరిదా, నా బిడ్డదా?

కడప ఉర్దూ టీచర్: అమ్మా, మీ బాధ అర్థమైంది. మా దగ్గర కథ ఇంకోటి. మా బడిలో ఉర్దూ మీడియం పోస్టు ఒకటి రోస్టర్‌లో ఎస్సీకి వచ్చింది. ఉర్దూ చదివిన అభ్యర్థి దొరక్క ఖాళీగానే ఉండిపోయింది. రెండూ న్యాయమైన హక్కులే. రెండూ ఒకే కుర్చీలో కూర్చోవాల్సి వచ్చేసరికి, పిల్లలకు ఏడాదంతా టీచరే లేడు.

మీడియం మస్తాన్: అందుకే రిజర్వేషన్లన్నీ తీసేయాలి అనేది.

కడప ఉర్దూ టీచర్: నేను అది అనలేదు భయ్యా. ఆ పోస్టుకు అర్హులు తయారయ్యే చదువు ముందు పెట్టమంటున్నా.

సరిహద్దు పంతులు: అమ్మా, మీ ప్రశ్నకు చట్టం ఒక జవాబు ఇచ్చింది. 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది: బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించేది తల్లిదండ్రులే, ప్రాథమిక చదువు మాతృభాషలోనే చదవాలని సర్కారు బలవంతపెట్టరాదు. సర్కారుకే లేని అధికారం ఊరి పెద్దలకు ఎక్కడిది? బయటివాళ్ల నుంచి గుంపును కాపాడే హక్కు వేరు, గుంపులోని మనిషిని కట్టేసే పెత్తనం వేరు. మొదటిదానికి నేను ప్రాణం పెడతా. రెండోదానికి ఒప్పుకోను. టీసీ ఆపడం తప్పు, రాతపూర్వకంగా అడగండి.

కర్నూలు కుర్రోడు: పంతులుగారూ, ఒకటో తరగతి పిల్లోడి మాట నన్ను పట్టేసింది. ఒప్పుకుంటా. కానీ ఈ అమ్మ బిడ్డలాంటి ఇద్దరు వెళ్లిపోతే మిగిలిన 39 మంది సంగతి? ఆమె స్వేచ్ఛకు వాళ్లు వెల కట్టాల్సిందేనా?

సరిహద్దు పంతులు: ఆ లెక్క 1949 నాటిది. పల్లెల్లో కాన్పులే తగ్గినాయి, ప్రైవేటు బస్సు ఊరి నడుమకే వస్తోంది. నలభైని ఇరవై చేయమని నేను చాలాసార్లు అర్జీ పెట్టినా. అది కాకపోతే తెలుగు బడిలోనే కన్నడ వచ్చిన ఒక టీచర్ను మొదటి రెండు తరగతులకు ఉంచమన్నా. దేనికీ జవాబు రాలేదు.

పల్లె అమ్మ: ఆ రెండోది చేసుంటే నేను టీసీ అడిగేదాన్నే కాదు సార్.