అప్‌డేట్: నెలనెలా నొప్పి, బ్లీడింగ్ లేదు. కారణం దొరికింది

నా పాత ప్రశ్న: "కందుకూరులో మా అక్క కూతురికి పధ్నాలుగేళ్లు. ఇంకా పెద్దమనిషి కాలేదు, ఎదుగుదల మాత్రం బాగానే ఉంది. నెలనెలా నాలుగైదు రోజులు పొత్తికడుపు నొప్పి. గ్యాస్ మాత్రలతో తగ్గడం లేదు. ఏమై ఉంటుంది?"

కన్నెపొర పూర్తిగా మూసుకుపోయి ఉంది. నెలసరి వస్తూనే ఉన్నా, రక్తం బయటికి దారిలేక యోనిలోనే నిలిచింది. అది ఉబ్బి మూత్రనాళాన్ని నొక్కడంతో ఈసారి మూత్రం ఆగిపోయింది. ఒంగోలులో గొట్టం వేసి మూత్రం తీశాక, పొట్ట మీద నుంచే స్కానింగ్ చేశారు.

లేడీ డాక్టర్ అక్కను పక్కనే ఉంచుకుని బయటి నుంచి మాత్రమే చూశారు. దగ్గమనగానే నీలంగా ఉన్న పొర ముందుకు ఉబ్బింది. అడ్డు ఇంకా పైన, యోని మధ్యలో గోడలా ఉంటే ఈ నీలి ఉబ్బు కనిపించదు. అప్పుడు ఎమ్మారైలో గోడ మందం, ఎత్తు తెలిశాకే ఆపరేషన్ చేయాలి.

సూదితో లాగేస్తే సరిపోతుందని కొందరన్నారు. ఒప్పుకోకండి. చిక్కటి రక్తం పూర్తిగా రాదు, రంధ్రం మళ్లీ మూసుకుంటుంది, మిగిలిన రక్తానికి ఇన్ఫెక్షన్ సోకుతుంది.

మత్తిచ్చి పొరను కోసి, అదనపు భాగం తీసేసి, అంచులకు కరిగే కుట్లు వేశారు. చాక్లెట్ రంగు రక్తం దానంతటదే కారింది. త్వరగా పోవాలని పొట్ట నొక్కకూడదు. జ్వరం, దుర్వాసన వచ్చినా, బ్లీడింగ్ లేకుండా నెలనొప్పి మళ్లీ మొదలైనా వెంటనే తీసుకురమ్మన్నారు.